రష్యన్ అనువాద పాఠాలు – 6: స్లావోనిక్ మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆపాలి

రష్యన్ మాటలను ఇక్కడ ఉచ్చారణను బట్టి కాకుండా అక్షరాలను బట్టి రాస్తున్నాను.

గత పాఠంలో జంట మాటలు చూశాం: గోరొద్–గ్రాద్ (పట్టణం), గోలొస్–గ్లాస్ (గొంతు), జోలొతొ–జ్లాతొ (బంగారం). రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. మధ్యలో ‘ఒరొ’, ‘ఒలొ’ అని సాగేది రష్యన్ నేలమీద పుట్టిన రూపం. ‘ర’, ‘ల’ ముందుకు జరిగి పొట్టిగా ఉండేది చర్చి స్లావోనిక్ రూపం. 988లో కీవ్ రాజ్యం క్రైస్తవాన్ని స్వీకరించాక, దక్షిణ స్లావ్ మాండలికం మీద కట్టిన ఈ గ్రంథభాష ప్రార్థనలతో పాటు వచ్చింది. మనకు రాత్రి–రాతిరి ఉన్నట్టే అనుకోండి. కాకపోతే మన రాతిరి సంస్కృతం నుంచి దిగింది, ఇక్కడ రెండూ అక్కాచెల్లెళ్ళు.

పొట్టి రూపం కనబడగానే గంభీరం అనుకుంటే దెబ్బతింటాం. వ్రేమ్య (కాలం), స్లాద్కీ (తియ్యని), వ్రాగ్ (శత్రువు) మూడూ స్లావోనిక్ రూపాలే. కానీ సంతలో కూడా అవే వాడతారు, ఎందుకంటే వాటి రష్యన్ జంటలు వాడుకలోంచి పోయాయి. స్త్రానా, స్తొరొనా అనే జంటలో రెండూ బతికే ఉన్నాయి గానీ అర్థాలు విడిపోయాయి: మొదటిది దేశం, రెండోది పక్క. ప్రాహ్, పోరొహ్ జంటలోనైతే మొదటిది ధూళి, చితాభస్మం, రెండోది తుపాకిమందు. అందుకే పరీక్ష ఇలా పెట్టుకోండి: రష్యన్ జంట ఈ రోజుకీ అదే అర్థంతో వాడుకలో ఉందా? ఉంటేనే పొట్టి రూపానికి ఎత్తు వస్తుంది. గోరొద్ రోజూ వాడతాం కాబట్టి గ్రాద్ అనగానే గంభీరంగా వినిపిస్తుంది. 1914లో రాజధాని పేరును పెత్రొగ్రాద్ అని మార్చినప్పుడు ఎంచుకున్నది ఆ రూపమే.

ఇప్పుడు పనిలోకి వద్దాం. 1863 నవంబర్ 19న గెటిస్‌బర్గ్‌లో సైనికుల శ్మశానం ప్రారంభిస్తూ లింకన్ చేసిన ప్రసంగంలోంచి ఒక వాక్యం తీసుకుందాం. దాని సారం ఇది: ఈ దేశం బతకాలని ఇక్కడ ప్రాణాలిచ్చినవారికి తుది విశ్రాంతి స్థలంగా ఈ పొలంలో కొంత భాగాన్ని అంకితం చేయడానికి వచ్చాం.

‘తుది విశ్రాంతి స్థలం’ దగ్గర మామూలు మాట క్లాద్బిష్చె, అంటే శ్మశానం. అర్థం సరిపోతుంది, స్వరం సరిపోదు. మేస్తొ పొస్లేద్నెగొ ఉపొకొయేనియ అంటే బాగుంటుంది. ఉపొకొయేనియె అనే మాటలో చనిపోయినవారి కోసం చర్చిలో చేసే ప్రార్థన వినిపిస్తుంది. ఈ వాక్యానికి కావలసిన ఎత్తు ఆ ఒక్క మాటే ఇస్తుంది.

‘ప్రాణాలిచ్చినవారు’ దగ్గర ఒక గొయ్యి ఉంది. ప్రాణానికి పాత స్లావోనిక్ మాట జివోత్. నేటి రష్యన్‌లో దానికి అర్థం పొట్ట. ‘జివోతా నే ష్చాద్య’ (ప్రాణాలకు తెగించి) లాంటి పాత పలుకుబడిలో తప్ప దాన్ని వాడకూడదు. ఇక్కడ మామూలు మాట జీజ్న్ చాలు: ఒత్‌దాలి జీజ్న్.

అదే ప్రసంగంలో ‘బతికున్నవారూ, చనిపోయినవారూ అయిన వీరులు’ అనే మాట ఉంది. చనిపోయినవారిని మెర్త్‌వెత్సీ అంటే శవాలో, దయ్యాలో కళ్ళముందు మెదులుతాయి. యుద్ధంలో ఒరిగినవారికి పావ్‌షియె అనాలి. ‘మనుషులు’ అనే చోట ముఝీ అనవచ్చు, ఇది గంభీరమైన బహువచనం. చివర పొరబాటున ముఝ్యా అని రాశారంటే అందరూ భర్తలైపోతారు! మాట మూలం ఒక్కటే, బహువచనాన్ని బట్టి స్థాయి మారుతుంది.

ఇక మోతాదు సంగతి. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో త్యెపేర్ (ఇప్పుడు) తీసేసి నీన్యె, ఎతొత్ (ఈ) తీసేసి సెయ్, గోరొద్ తీసేసి గ్రాద్ పెడుతూ పోతే వాక్యం వెటకారమైపోతుంది. నీన్యె ఒకటైతే ప్రసంగంలో చెల్లుతుంది. సెయ్ మాత్రం నేటి పాఠకుడికి ఎక్కువగా నవ్వు తెప్పిస్తుంది. సెయ్‌చాస్ (ఇప్పుడే) లాంటి మాటల్లో అతుక్కుపోయి బతుకుతోందంతే. నేను పాటించేది: వాక్యానికి ఒక్క స్లావోనిక్ మాట, అది కూడా వాక్యం బరువు పడే చోట. మిగతాదంతా శుభ్రమైన మామూలు రష్యన్. లింకన్ ఇంగ్లీషు కూడా చాలాచోట్ల చిన్నచిన్న మాటలతోనే నడుస్తుంది కదా.

అభ్యాసం: ‘ఈ నగరపు ధీరపుత్రుల అస్థికలు ఇక్కడ విశ్రమిస్తున్నాయి’ అనే సమాధి ఫలకాన్ని రష్యన్‌లో రాయండి. కొడుకులకు సినీ, సినొవ్యా అని రెండు బహువచనాలున్నాయి. ముఝీ–ముఝ్యా తేడాను బట్టి ఎంచుకోండి. అస్థికలకు ప్రాహ్ వాడితే నగరానికి గ్రాద్ కావాలా, గోరొద్ చాలా అన్నది రెండు రూపాలూ రాసి, పైకి చదివి చూసుకోండి. ఏడో పాఠం దీని జవాబుతో మొదలవుతుంది.