అమ్మ వాకర్ పట్టుకోనన్నప్పుడు

తుంటి ఎముక ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక అమ్మ మంచం దిగనని మొండికేసింది. కాలు మోపితే నొప్పి. డాక్టరేమో పూర్తి బరువు వేయొచ్చన్నారు. చివరికి పనిచేసింది మాత్ర వేళ మార్చడమే. డాక్టర్‌ని అడిగి, నొప్పి మాత్రను నడకకు ముప్పావుగంట ముందు ఇవ్వడం మొదలుపెట్టాం. ఫిజియో చెప్పిన వరస: ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆపైన మంచి కాలు. మంచం నుంచి బాత్రూమ్ దాకా, రోజుకు నాలుగైదు సార్లు. లేవగానే కళ్లు తిరుగుతాయి కాబట్టి కాసేపు మంచం అంచున కూర్చోబెట్టేవాళ్లం.

రక్తం గడ్డకట్టకుండా పొట్టకు ఇచ్చే ఇంజెక్షన్ రోజూ చోటు మార్చి ఇచ్చాం, ఆ చోట రుద్దకుండా. అమ్మ బాగానే తిరుగుతోంది కదా అని మానేద్దామన్నారు చుట్టాలు. నేను ఒప్పుకోలేదు, ఆ ముప్పు వారాల తరబడి ఉంటుంది. ఆపరేషన్ కాలు కొంత వాయడం మామూలే. పిక్క ఉన్నట్టుండి ఉబ్బి నొప్పెడితే అదే రోజు చూపించాలి. ఆయాసమో ఛాతీనొప్పో వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

ఆకలి లేదనేది. కంచం నిండా పెడితే చూసే విసుక్కునేది. అందుకే కొంచెం కొంచెంగా, ప్రతిసారీ గుడ్డో పెరుగో పప్పో ఉండేలా పెట్టాం. అది నడక అయ్యాక పెడితే ఇంకాస్త తినేది.