విడాకుల తర్వాత మొదటి డేట్: వెళ్లేముందు టెన్షన్ తగ్గించుకోవడం ఎలా?

నా స్నేహితురాలికి విడాకులై రెండేళ్లు. ఒక ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒకతన్ని కేఫ్‌లో కలవాలి. మూడింటికి "జ్వరంగా ఉంది, ఇంకోసారి చూద్దాం" అని మెసేజ్ టైప్ చేసి, పంపకుండా నాకు ఫోన్ చేసింది. ఆ రెండు గంటల్లో పనికొచ్చినవీ, ముందే చేసి ఉండాల్సినవీ ఇవి.

1. భయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "టెన్షన్‌గా ఉంది" అంటే చాలదు. ఏం జరుగుతుందని భయం? తను మొదట "నేను నచ్చనేమో" అని రాసి కొట్టేసింది. చివరికి అసలుది బయటపడింది: "ఎందుకు విడిపోయారని అడుగుతాడు, నేను ఏడ్చేస్తాను."

2. ఆ ఒక్కదానికి జవాబు సిద్ధం చేసుకోండి. విడాకులైన సంగతి కలవకముందే చెప్పేయాలి. కారణాలు మాత్రం మొదటి రోజే చెప్పక్కర్లేదు. తను ఇలా రాసుకుంది: "మాకు కుదరలేదండీ, చాలా కష్టంగా గడిచింది. మిగతాది కాస్త పరిచయం పెరిగాక చెప్తాను." మనసులో అనుకుంటే లాభం లేదు, గట్టిగా పైకి చెప్పాలి. మొదటిసారి తన గొంతు వణికింది. నాలుగోసారికి మామూలుగా వచ్చేసింది. అలాగని మొత్తం సంభాషణ బట్టీ పట్టొద్దు. మధ్యలో ఒక ముక్క మర్చిపోతే అదో కొత్త కంగారు.

3. గంటకు మించకుండా పెట్టుకోండి. భోజనం వద్దు, నలుగురూ ఉండే చోట కాఫీ చాలు. మీ బండి మీదే వెళ్లండి. ఆరింటికి వెళ్లాలని ముందే చెప్పేస్తే, ఎలా లేచి రావాలన్న బెంగ ఉండదు.

4. ఒంటి సంగతి. మధ్యాహ్నం నుంచి కాఫీ, టీ మానేయండి. ఒంట్లో కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, ఆ గుండెదడ భయంలాగే ఉంటుంది. కేఫ్‌లో నిమ్మరసం తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. బయల్దేరేముందు ఐదు నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు అంకెలకు వదలండి. వదలడం నెమ్మదిగా ఉండాలి, కిటుకంతా అక్కడే.

5. రద్దు చేయాలనిపిస్తే కారణం ఎవరి వైపు ఉందో చూడండి. అతను చివరి నిమిషంలో తన ఫ్లాట్‌కి రమ్మన్నా, డబ్బు అడిగినా వెంటనే మానేయండి, అది టెన్షన్ కాదు. కారణం మీ గుండెదడ ఒక్కటే అయితే వెళ్లండి. మానేస్తే అప్పటికి హాయిగా ఉంటుంది కానీ, తప్పించుకుంటేనే క్షేమమని మనసు నేర్చుకుంటుంది. వచ్చేసారి భయం ఇంకా ముందే మొదలవుతుంది.

పాత దెబ్బలు, కేకలు కళ్లముందు మెదులుతూ వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం ఇవి సరిపోవు. డేట్ వాయిదా వేసి కౌన్సెలర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

తను వెళ్లింది. ఇరవై నిమిషాలకే అతను ఆ ప్రశ్న అడిగాడు. కళ్లు కాస్త చెమ్మగిల్లాయట కానీ, జవాబు చెప్పేసింది. ఇంటికొచ్చి ఫోన్ చేసి, "మనిషి మంచోడే గానీ, నన్ను మాట్లాడనివ్వడే!" అంది.