సొంత పోర్ట్‌ఫోలియో సైట్ – 3వ భాగం: పాత నంబర్ వెతికి పట్టుకోవడం

పోయిన భాగంలో గిట్‌హబ్ పేజెస్‌లో ఖాళీ సైట్ లేపాం కదా, index.html ఓపెన్ అవుతోంది, పేరూ ఫోటో ఉన్నాయి. ఇవాళ అందులో మొదటి కేస్ స్టడీ పెడదాం. ఒక్కటే, కానీ పూర్తిగా.

ముందు మీ రెజ్యూమె తీసి అందులో ఒక లైన్ చూడండి. చాలామందిది ఇలాగే ఉంటుంది: "చీరల షాపు వెబ్‌సైట్‌కి ఫ్రంట్ ఎండ్ డెవలప్‌మెంట్ చేశాను, ఇమేజ్ ఆప్టిమైజేషన్ చేశాను, బగ్స్ ఫిక్స్ చేశాను". ఇది చదివినవాళ్లకి మీరు ఆ పనులు చేశారని తెలుస్తుంది గానీ మీరు రాకముందు ఆ సైట్ ఎలా ఉంది, మీరు వెళ్లాక ఎలా ఉంది అన్నది తెలీదు. ఆ తేడా చూపించాలంటే రెండు నంబర్లు కావాలి, పాతదీ కొత్తదీ, రెండూ ఒకే కొలతలో. కొత్తది ఇవాళ కొలుచుకోవచ్చు. పాతదే దొరకదు, ఎందుకంటే పని మొదలెట్టేటప్పుడు ఎవరూ కొలవరు. అందుకని ఈ భాగం అంతా దాని గురించే.

పై చీరల షాపునే ఉదాహరణగా తీసుకుందాం (నంబర్లు పాఠం కోసం అనుకున్నవి). ఫోన్‌లో చీర పేజీ తెరిస్తే పెద్ద ఫోటో రావడానికి చాలాసేపు పడుతోంది, అదీ కంప్లైంట్. ఫోటో 3000 పిక్సెల్స్ వెడల్పు ఉన్న జేపెగ్, సైజు 1.8 ఎంబీ. దానికి తోడు సైట్ టెంప్లేట్ అన్ని ఫోటోలకీ loading="lazy" పెట్టేసింది, పైన మొట్టమొదట కనపడాల్సిన ఫోటోకి కూడా. కింద ఉన్న ఫోటోలకి అది మంచిదే, పై ఫోటోకి పెడితే మాత్రం బ్రౌజర్ పేజీ లేఔట్ తేలేదాకా ఆగి అప్పుడు తెచ్చుకోవడం మొదలెడుతుంది. ఫిక్స్ ఏంటంటే 800 పిక్సెల్స్ వెబ్‌పీ ఫైల్ చేయడం, ఆ ఒక్క ఫోటోకి lazy తీసేసి fetchpriority="high" పెట్టడం. సాయంత్రం లోపు అయిపోయే పని.

ఇక కొలత. దీనికి సరిపోయేది ఎల్‌సీపీ, అంటే స్క్రీన్‌లో కనిపించేవాటిలో అన్నిటికంటే పెద్ద బొమ్మో టెక్స్టో రావడానికి పట్టే టైమ్. గూగుల్ లెక్కలో నూటికి 75 విజిట్లలో అది 2.5 సెకన్ల లోపు ఉంటే బాగున్నట్టు.

పాత నంబర్ కోసం ముందు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చీర పేజీ అడ్రస్ కొట్టి చూడండి. పైన నిజం యూజర్ల డేటా వస్తే అది గత 28 రోజుల లెక్క, మీ మార్పు ఈ వారమే లైవ్‌కి వెళ్లి ఉంటే అందులో ఇంకా పాత రోజులే ఎక్కువ ఉంటాయి కాబట్టి వెంటనే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. కానీ చిన్న షాపుల సైట్లకి విజిట్లు సరిపోక ఆ డేటా అసలు రాదు. అప్పుడేం చేస్తామంటే, గిట్‌లో పాత కోడ్ ఉంటుంది కదా, దాన్ని పక్క ఫోల్డర్‌లోకి తెచ్చి మళ్లీ నడుపుతాం:

```
git log --oneline
git worktree add ../old a1b2c3d
cd ../old
python3 -m http.server 8000
```

a1b2c3d దగ్గర మీ మార్పుకి సరిగ్గా ముందున్న కమిట్ నంబర్ పెట్టాలి. నెల కిందటిది పెట్టారనుకోండి, మధ్యలో వేరేవాళ్లు చేసిన మార్పులు కూడా మీ ఖాతాలో పడిపోతాయి, ఇంటర్వ్యూలో ఆ టీమ్‌ని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడే దొరికిపోతారు. ఇప్పుడు ఇంకో టెర్మినల్‌లో, 8000 తర్వాత చీర పేజీ పాత్ కూడా చేర్చి (లేకపోతే హోమ్ పేజీనే కొలుస్తుంది):

```
npx lighthouse http://localhost:8000 --only-categories=performance --view
```

ఇదే కమాండ్ ఐదు సార్లు నడపండి. ప్రతిసారీ కాస్త వేరే నంబర్ వస్తుంది, కంగారు పడక్కర్లేదు, ఐదింటినీ వరసలో పెట్టి మధ్యలోది తీసుకోండి, బాగున్నది ఏరుకోవద్దు. తర్వాత మీ కొత్త కోడ్‌ని 8001లో నడిపి అదే ల్యాప్‌టాప్ మీద, అదే పూట, మళ్లీ ఐదు సార్లు. ఈ సర్వర్ అసలు హోస్టింగ్ లాగా ఫైళ్లని కంప్రెస్ చేయదు, అందుకే ఈ సెకన్లు లైవ్ సైట్ సెకన్లు కావు, కానీ రెండు వైపులా అదే లోటు ఉంది కాబట్టి తేడా నమ్మొచ్చు. ఈ మాట పేజీలో కూడా రాయాలి.

ఇక్కడ మన ఉదాహరణలో పాతది 6.4 సెకన్లు, కొత్తది 2.6 వచ్చిందనుకుందాం. చాలామంది చెయ్యి ఆగక "59 శాతం వేగం పెంచాను" అని రాస్తారు. నా మాట వినండి, శాతం వద్దు, రెండు నంబర్లే రాయండి. తగ్గింది టైమ్, దాన్ని శాతంలోకి మార్చి వేగం అంటే లెక్కే తప్పు, పైగా చదివేవాడికి దేంట్లో శాతమో అర్థం కాదు. క్లయింట్ అసలు అంకెలు బయటపెట్టొద్దు అంటే మాత్రం "ఎల్‌సీపీ టైమ్ 59 శాతం తగ్గింది" అని రాయక తప్పదు, అదీ వాళ్లని అడిగాకే.

ఇప్పుడు cases/cheera-page/index.html అని ఒక ఫైల్ పెట్టండి, ప్రతి కేస్‌కీ ఇలా సొంత ఫోల్డర్ ఉంటే ఆ ఒక్క లింకే మెయిల్‌లో పంపుకోవచ్చు. పేజీలో మొదటి పేరా ఇలా ఉండాలి:

> ఫోన్‌లో చీర ఫోటో కనపడటానికి 6.4 సెకన్లు పట్టేది, ఇప్పుడు 2.6 (లైట్‌హౌస్ మొబైల్, ఐదు రన్లలో మధ్యది, నా ల్యాప్‌టాప్ మీద). ఫోటోలు, టెంప్లేట్ మార్పు నావి. డిజైన్, పేమెంట్ పేజీ వేరే డెవలపర్‌వి.

చూశారా, ఫలితం, కొలిచిన తీరు, మీ వాటా, మూడూ ఆ కాస్తలోనే వచ్చేశాయి. దీని కింద సమస్య ఎలా తెలిసింది, lazy వల్లే అని ఎలా కనిపెట్టారు, ఏం వద్దనుకున్నారు అన్నది వివరంగా రాయండి. ఆ "వద్దనుకున్నది" దగ్గర పిసినారితనం చేయకండి. ఉదాహరణకి ఫోటోని ఇంకా చిన్నది చేస్తే 2.5 కిందకి వచ్చేదే, కానీ జరీ అంచు మసకగా కనపడుతుంది, చీర కొనేవాళ్లు జూమ్ చేసి చూసేది అదే, అందుకని 2.6 దగ్గర ఆపాం. ఈ రెండు వాక్యాలు చదివితే మీరు షాపు గురించి కూడా ఆలోచించారని తెలుస్తుంది, టూల్స్ లిస్టు ఎంత పొడుగున్నా అది తెలీదు.

ఆర్డర్ల సంగతి. మార్పు సెప్టెంబర్‌లో చేశారు, అక్టోబర్‌లో ఆర్డర్లు పెరిగాయి, దాన్ని ఫలితంలో రాసుకోవాలని ఉంటుంది. రాయకండి. దసరా, దీపావళికి చీరల ఆర్డర్లు ఎలాగూ పెరుగుతాయి, అందులో మీ ఫోటో వల్ల ఎన్నో పండగ వల్ల ఎన్నో విడదీయలేరు. పోయినేడు అదే పండగ వారాలతో పోల్చి చూపించినా మధ్యలో ధరలు, యాడ్స్ మారి ఉంటాయి. సగం విజిటర్లకి పాత పేజీ, సగంమందికి కొత్తది ఒకేసారి చూపించి ఉంటే అప్పుడు చెప్పొచ్చు. లేదంటే సెకన్ల దగ్గరే ఆగండి, ఆ నంబర్ మీద ఎవరు ఎన్ని ప్రశ్నలడిగినా నిలబడగలరు.

స్క్రీన్‌షాట్లు పెడితే కస్టమర్ పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న చోటు బ్లర్ చేయొద్దు, పూర్తిగా కత్తిరించేయండి, పల్చగా చేసిన బ్లర్‌లోంచి చదవగలిగిన సందర్భాలున్నాయి.

వచ్చే భాగానికి పని: మీ రెజ్యూమెలోంచి ఒక లైన్ ఎంచుకుని, దాని పాత నంబర్, కొత్త నంబర్, రెండూ ఎక్కణ్ణుంచి తెచ్చారో రాసి పెట్టుకోండి. పాతది ఏ దారిలోనూ దొరకని పని అయితే దాన్ని పక్కన పెట్టి ఇంకో లైన్ తీసుకోండి. 4వ భాగంలో ఈ పేజీని హోమ్ పేజీ మీద ఒక్క వాక్యంలో ఎలా చూపించాలో చేద్దాం.