ఐదుగురు మాట్లాడే భోజనాల సీన్: రాయబోయే ముందు జాగ్రత్తలు

☐ భోజనం ముగిసేసరికి ఏం మారాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకు, "తండ్రి ఇల్లు అమ్మేస్తున్నాడని చిన్న కొడుక్కి తెలిసిపోతుంది." ఆ వాక్యం కుదరకపోతే మొదలుపెట్టకండి, ఉత్త కబుర్లే మిగులుతాయి.

☐ ఆ పూట ఎవరికేం కావాలి? తండ్రికి విషయం దాచాలి. తల్లికి గొడవ రాకూడదు. కూతురికి తన వాటా తేలాలి. అల్లుడు తనకేమీ పట్టనట్టు కనిపించాలి. కొడుక్కి పై గది బాగుచేయించుకోవాలి. ఏమీ అక్కర్లేని మనిషి ఉంటే నిర్మొహమాటంగా ఆ పూటకి ఊరు పంపేయండి.

☐ ఐదుగురినీ వరసగా మాట్లాడించకండి. మాట ఇద్దరి మధ్యే నడవాలి, మూడో మనిషి దూరితే జత మారాలి.

"పై గదికి రంగులేయిస్తా నాన్నా."

"ఇప్పుడెందుకురా?"

"వేయించనివ్వండి మావయ్యా, కొనేవాళ్లకీ బాగుంటుంది."

తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అన్నాడు, అంది" లేకుండానే ఎవరి మాటో పిలుపులే చెప్పేశాయి. అలాగని ప్రతి మాటకీ పిలుపు తగిలిస్తే నాటకంలా ఉంటుంది, జత మారినచోట చాలు. తల్లి నోరు విప్పకపోయినా సీన్‌లోనే ఉంది. కూతురు మాత్రం కనబడలేదు. ఇంకో నాలుగు మాటల్లోపు ఆమెకి ఒక చూపో, పనో ఇవ్వకపోతే పాఠకుడు ఆమెని మర్చిపోతాడు.

☐ ఎవరి పక్కన ఎవరో కాగితం మీద గీసుకోండి. గుసగుసలు పక్కవాళ్లకే వినబడతాయి కదా.

☐ అల్లుడు నోరు జారాక ఎంతసేపు సాగదీస్తారో ముందే అనుకోండి. కొడుకు "కొనేవాళ్లెవరు?" అని అడగ్గానే ఆపేయొచ్చు.