నీళ్లు మాత్రమే కదిలే వీడియో: అతుకు కనపడకుండా

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు తీసిన వీడియోని లూప్‌లో పెడితే, మళ్లీ మొదలైన ప్రతిసారీ నీళ్లు టక్కున ఎగిరినట్టు కనిపించి చిరాకు పుడుతుంది. దానికి సులువైన మార్గం ఉంది.

ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి 9 సెకన్లు తీయండి. లేయర్లు, మాస్క్ ఉన్న ఎడిటింగ్ యాప్ ఏదైనా సరే. క్లిప్‌ని సరిగ్గా మధ్యలో కోసి, రెండో ముక్కని ముందుకీ మొదటి ముక్కని వెనక్కీ మార్చండి. రెండూ కలిసే చోట, ఒకటి మసకబారుతుంటే రెండోది తేలివచ్చే డిజాల్వ్ 1 సెకను పెడితే 8 సెకన్ల క్లిప్ మిగులుతుంది. ఇప్పుడు చివరి ఫ్రేమూ మొదటి ఫ్రేమూ అసలు వీడియోలో పక్కపక్కన ఉన్నవే కాబట్టి లూప్ తిరిగే చోట కుదుపు ఉండదు. అతుకు మధ్యలోకి పోయింది, దాన్ని నురగ దాచేస్తుంది.

తర్వాత అదే వీడియోలోంచి ఒక ఫ్రేమ్ ఫ్రీజ్ చేసి పై లేయర్‌గా పెట్టండి. విడిగా తీసిన ఫోటో వద్దు, ఫ్రేమింగ్ కలవదు. మాస్క్‌తో నీళ్లున్న భాగం తీసేసి, అంచు గీతలా కనపడకుండా కొద్దిగా ఫెదర్ చేస్తే వంతెన మీద ఆటోలు, బైకులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మాస్క్ గీత పిల్లర్ల మీదుగా వెళ్లాలి, నీళ్ల మధ్యలోంచి కాదు.

నీళ్లకి, పొగకి, టీ ఆవిరికి ఇది బాగా కుదురుతుంది. పడవకో మనిషికో వాడితే డిజాల్వ్ దగ్గర ఒకటి రెండుగా, దెయ్యంలా కనిపిస్తుంది. మబ్బు పట్టి వెలుతురు మారుతున్నప్పుడు కూడా తీయకండి, మాస్క్ అంచు బయటపడిపోతుంది.