రాత్రి వాన సీనుకు తోట పైపు: కుళాయి తిప్పకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

చేతిలో రెండు చిన్న లైట్లు, తోటకు నీళ్ళు పట్టే పైపు ఒకటి పెట్టుకుని రాత్రి వాన సీను తీయబోయేవాళ్ళు సాధారణంగా నీళ్ళ దగ్గర మొదలుపెడతారు. ఎన్ని నీళ్ళు కావాలి, ఎంత జోరుగా కొట్టాలి అని అడుగుతారు. లైటు ఎక్కడ పెడుతున్నారని నేను ముందు అడుగుతాను. చీకట్లో వాన కనబడటానికి నీళ్ళు ఎక్కువ ఉండనక్కరలేదు, వెలుతురు వెనక నుంచి రావాలి. చినుకు గాజుపూస లాంటిది. కెమెరా పక్క నుంచి లైటు వేస్తే ఆ వెలుతురులో ఎక్కువ భాగం చినుకు గుండా అవతలికి పోతుంది, కెమెరాకు దాదాపు ఏమీ తిరిగిరాదు. అదే లైటును వెనక నుంచి వేస్తే చినుకు ఆ వెలుతురును కెమెరా వైపు వంచుతుంది. వెనక నల్లటి చెట్టో చీకటి గోడో ఉంటే ప్రతి చినుకూ మెరుస్తుంది.

ఈ సంగతి తెలియనివాళ్ళు వాన కనబడటం లేదని నీళ్ళు పెంచుతారు. అప్పుడు నేల మడుగవుతుంది, తుంపర లైట్ల మీదికి వెళుతుంది, నటి వణకడం మొదలుపెడుతుంది. నేను చూసిన చాలా ప్రమాదాలకు మూలం ఈ అనవసరపు నీళ్ళే. అందుకే లైటు సరిగా పెట్టడం కూడా జాగ్రత్తల్లోకే వస్తుంది.

ఒక సీను తీసుకుందాం. గేటు ముందు ఒక అమ్మాయి సంచి పట్టుకుని ఎవరికోసమో ఎదురుచూస్తోంది. మాటలు లేవు. షాట్ నలభై సెకన్లు. తోట పైపు తడపగలిగేది రెండు మూడు మీటర్ల వెడల్పు మాత్రమే కాబట్టి వీధి మొత్తం చూపించాలనే ఆశ వదులుకుని, మోకాళ్ళ నుంచి తల వరకు ఫ్రేమ్ కట్టాలి. కెమెరా ఆమెకు నాలుగు మీటర్ల దూరంలో ఉంటుంది. వాన ముఖ్యంగా ఆమెకు ఒక మీటరు ముందు, కెమెరాకూ ఆమెకూ మధ్య పలుచని తెరలా పడుతుంది. ఆమె మీద పడేది దాని అంచు మాత్రమే. జుట్టు, భుజాలు షాట్‌కు ముందు ఒకసారి తడిపితే చాలు, చూసేవాళ్ళకు ఆమె నడివానలో నిలబడినట్టే ఉంటుంది. ప్రధానమైన లైటు ఆమెకు ఐదు మీటర్ల వెనక, ఫ్రేమ్‌కు కాస్త బయట, మనిషి తలకన్నా ఎత్తున ఉంటుంది. రెండోది చిన్నది, ముఖం మరీ నల్లబడకుండా కెమెరా పక్కన, మసకగా. అది ప్రకాశవంతమైతే వాన మళ్ళీ మాయమవుతుంది.

పైపు పట్టుకునే మనిషి నీటిని నటి వైపు కాక ఆకాశం వైపు, కొంచెం వాలుగా కొట్టాలి. ధార పైకి వెళ్ళి, జోరు తగ్గి, విడిపోయి చినుకులుగా కిందికి రావాలి. నేరుగా కొట్టిన ధార ముఖానికి, కళ్ళకు దెబ్బ. పైగా చూడగానే పైపు నీళ్ళని తెలిసిపోతుంది. పైపు చివర తగిలించే నాజిల్‌ను పొగమంచులా కొట్టేలా కాక, లావు చినుకులు పడేలా తిప్పాలి. సన్నని తుంపర చిన్న గాలికే కొట్టుకుపోతుంది, వానలా కనబడదు, లైట్లను తడిపేదీ అదే. లావు చినుకు సెకనుకు ఆరు మీటర్ల వేగంతో పడుతోందనుకుంటే, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు తెరిచి ఉన్నప్పుడు అది పన్నెండు సెంటీమీటర్ల గీతగా పడుతుంది. మనం వాన అని గుర్తుపట్టేది ఆ గీతనే.

ఎత్తు కోసం నిచ్చెన ఎక్కి పైపు పట్టుకోవద్దు. తడిసిన మెట్ల మీద, ఒక చేయి ఖాళీ లేకుండా, చీకట్లో నిలబడటం వాన సీనులో చేయగల పెద్ద పొరపాట్లలో ఒకటి. ఎత్తు తప్పనిసరైతే పైపు చివరను పొడవాటి కర్రకు కట్టి, నేల మీద నిలబడి పైకెత్తండి. ఆ కర్ర లోహంది కాకూడదు, తల మీద కరెంటు తీగలు ఉన్నచోట ఏ కర్రా వద్దు. తీగల వైపు ధార పోయే అవకాశం కాస్త ఉన్నా ఆ స్థలాన్నే మార్చుకోవాలి. ఇందులో సర్దుబాటుకు చోటు లేదు.

ఇక కరెంటు. నా ఓటు బ్యాటరీ మీద నడిచే ఎల్‌ఈడీ లైట్లకే. లైటు దగ్గర ఉండేది కొద్ది వోల్టులే కాబట్టి తడి నేల మీద కూడా ప్రాణభయం లేదు. వాటి ఛార్జర్లు మాత్రం ఇంటి లోపలే ఉండాలి. పెద్ద బ్యాటరీ పెట్టె నుంచి 230 వోల్టులు తీసుకుంటే అది గోడలో నుంచి వచ్చే కరెంటంత ప్రమాదకరమేనని గుర్తుపెట్టుకోండి. వేడెక్కే హాలోజన్ బల్బులు ఈ పనికి అసలు పనికిరావు. ఎర్రగా కాలిన గాజు మీద చల్లని చినుకు పడితే గాజు పగిలి చిమ్ముతుంది.

బ్యాటరీ లైటు దొరకక గోడ కరెంటు వాడక తప్పదనుకుందాం. కరెంటు మితిమీరితే సరఫరా తెంచే ఎమ్‌సీబీ ఇంట్లో ఉంది కదా అన్న ధీమా వద్దు. అది తీగలను కాపాడేదే తప్ప మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ ఆ స్థాయి దాటితేనే పడిపోతుంది. తడిసిన మనిషి గుండెను ఆపడానికి అందులో వందో వంతు కరెంటు చాలు. కావలసింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. లోపలికి వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, అంటే కొంత ఎవరి గుండానో నేలలోకి పోతోందంటే, సెకనులో మూడో వంతులోపే అది సరఫరా తెంచేస్తుంది. షూటింగ్ రాత్రి దాని పరీక్ష బొత్తాం నొక్కి చూడండి. పడిపోకపోతే ఆ రాత్రి గోడ కరెంటు వాడకండి. పడిపోయినా అది పూర్తి అభయం కాదు. షాక్ కొట్టే సమయాన్ని తగ్గిస్తుందే గానీ షాక్‌ను ఆపదు. ఒక మనిషి రెండు తీగలనూ ఒకేసారి తాకితే దానికి తెలియనే తెలియదు.

ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద పెట్టవద్దు. పొడి కుర్చీ మీదో బల్ల మీదో, పైన కప్పు ఉన్నచోట పెట్టాలి. దాని దగ్గరకు వచ్చే తీగ కాస్త కిందికి వేలాడి, తర్వాత పైకి వెళ్ళి బోర్డులో చేరాలి. తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వేలాడే చోటే రాలిపోతుంది. ఒకసారి మా షూటింగ్‌లో బోర్డును గట్టు మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, క్షేమమే అనుకున్నాం. తీగ మాత్రం పైనుంచి బోర్డులోకి ఏటవాలుగా దిగుతోంది. ఆరో టేక్‌లో ఆర్‌సీసీబీ పడిపోయింది. ప్లాస్టిక్ తీసి చూస్తే పైభాగం పొడిగానే ఉంది, ప్లగ్గు లోపల మాత్రం నీళ్ళున్నాయి. ఆనాటి నుంచి ప్లాస్టిక్ కప్పే ముందు తీగ ఏ వైపు వాలి ఉందో చూస్తాను.

స్థలం సిద్ధమయ్యాక, ఏ లైటూ ప్లగ్గుకు పెట్టకముందే, పాత వార్తాపత్రికలు తీసుకోండి. లైట్లు రాబోయే చోట, బోర్డు పెట్టే చోట, కెమెరా దగ్గర ఒక్కొక్క కాగితం పరిచి, అంచుల మీద రాళ్ళు పెట్టి, పైపును అనుకున్న కోణంలో రెండు నిమిషాలు కొట్టండి. తర్వాత కాగితాలు చూడండి. కంటికి కనబడని తుంపర కూడా కాగితం మీద మచ్చలుగా తెలుస్తుంది. మచ్చ పడిన చోట లైటూ బోర్డూ ఉండకూడదు. మచ్చలు ఆగిపోయిన చోటి నుంచి మరో రెండు మీటర్లు వెనక్కి జరపండి. గాలి లైటు వైపే వీస్తుంటే మొత్తం అమరికను తిప్పేయండి. కెమెరాకు తొడుగు వేయవచ్చు, లెన్స్ తుడుచుకోవచ్చు. వేడెక్కే లైటుకు గాలి ఆడకుండా తొడుగు బిగించలేం కదా.

నేలకు కూడా ఇలాంటి పరీక్షే. ఒక బకెట్ నీళ్ళు నటి నిలబడే చోట పోసి, ఎటు పారుతున్నాయో చూడండి. తీగలు, స్టాండ్లు ఆ పారకానికి ఎగువన ఉండాలి. నీళ్ళు ఎన్నవుతాయో కూడా బకెట్టే చెబుతుంది. పదిహేను లీటర్ల బకెట్ ఒక నిమిషంలో నిండిందనుకుందాం. టేక్‌కు ముందూ వెనకా కలిపి ఒక నిమిషం చొప్పున ఎనిమిది టేక్‌లకు 120 లీటర్లు, నేల తడపడానికి ఐదు నిమిషాలకు 75 లీటర్లు, మొత్తం 200 లీటర్ల లోపు. ఆ నీళ్ళు పక్కింటి గుమ్మంలోకో జనం నడిచే దారిలోకో పోతుంటే ముందే తెలుస్తుంది. మొదటి తడికి నేల మీది నూనె, దుమ్ము తేలి బాగా జారుతుంది కాబట్టి నటి రాకముందే ఒకసారి కడిగేయాలి. నునుపు పలకల మీద మాత్రం కడిగినా జారుతుంది. అలాంటిచోట నడక షాట్ పెట్టకండి, నిలబడే షాట్‌తో సరిపెట్టుకోండి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ దిగులు నటి గురించే. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, రాత్రి గాలి దానికి తోడవుతుంది. చలికాలం కాకపోయినా ఇది వర్తిస్తుంది. దుస్తుల కింద పలుచని వాన కోటు లేదా ఒంటికి అతుక్కునే పొర వేయించండి. వాన షాట్లన్నీ ఒకచోట చేర్చి చివర్లో తీయండి. ప్రతి టేక్ తర్వాత తువ్వాలు, రెండు టేక్‌లకు ఒకసారి పొడి గదిలో కూర్చోబెట్టి వేడి పానీయం ఇవ్వండి. నేను బాగానే ఉన్నాను అన్న మాటను నమ్మకండి, చేతులను చూడండి. సంచి పట్టు జారుతోందా, మాట ముద్దగా వస్తోందా, అడుగు తడబడుతోందా అని చూసే మనిషి ఒకరు విడిగా ఉండాలి. వణకుతున్న మనిషి వేడెక్కకుండానే వణకడం మానేస్తే హమ్మయ్య అనుకోవడం కాదు, వెంటనే తడి బట్టలు మార్పించి, దుప్పట్లు కప్పి, వైద్య సహాయం పిలవాలి. పైపు పగలంతా ఎండలో పడి ఉంటే అందులో నిలిచిన నీళ్ళు కాలేంత వేడిగానూ మురికిగానూ ఉండవచ్చు. మనిషి మీదికి తిప్పేముందు ఆ నీళ్ళన్నీ వదిలేయాలి.

కుళాయి దగ్గర ఒకరు, పైపు దగ్గర ఒకరు, కరెంటు మీట దగ్గర పొడి చేతులతో ఒకరు. మూడో మనిషి మరే పనీ చేయకూడదు. ఆపు అనే మాట ఎవరి నోట వచ్చినా, దర్శకుడి అనుమతి కోసం చూడకుండా కుళాయి కట్టేయాలి. మీట దగ్గరి మనిషి చేతిలో విడిగా ఒక టార్చి ఉండాలి. లైట్లు ఒక్కసారిగా ఆరిపోతే అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి, టార్చి వెలిగేదాకా ఎవరూ తడి నేల మీద అడుగు వేయకూడదు.

చివరి టేక్ అయ్యాక ముందు కుళాయి కట్టి, టార్చి వెలిగించి, మీట ఆపి, ప్లగ్గులు ఊడదీసిన తర్వాతే లైట్లను ముట్టుకోండి. స్టాండ్లు సర్దడం ఆ తర్వాత. తీగలను తడి గుడ్డతో కాకుండా పొడి గుడ్డతో తుడిచి, చుట్టకుండా వదులుగా ఆరేయండి. ప్లగ్గు లోపల తేమ ఆరడానికి ఒక రోజు పట్టవచ్చు, ఆలోగా వాటిని మళ్ళీ వాడకండి.