రెండు గ్రాఫులు గీసి మూలాలు లెక్కపెడితే ఆన్సర్ ఎందుకు తప్పుతోంది?

సమీకరణాన్ని రెండు ముక్కలు చేసి, ఎడమవైపుకొక గ్రాఫు, కుడివైపుకొక గ్రాఫు గీసి, అవి ఎన్నిచోట్ల కలిశాయో చూస్తే వాస్తవ మూలాలెన్నో తెలిసిపోతుంది. పద్ధతి ఇంతే. అయినా నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల నోట్సుల్లో ఈ లెక్క తరచూ తప్పుతుంది, అదీ దాదాపు ఎప్పుడూ ఒకే రెండు మూడు చోట్ల.

సమస్య: గీత వక్రాన్ని తాకిందా, కోసిందా, తప్పించుకుపోయిందా తెలియట్లేదు

`x³ − 3x + 1.9 = 0` తీసుకుందాం. దీన్ని `x³ = 3x − 1.9` అని రాస్తే ఎడమవైపు మనకు బాగా అలవాటైన వక్రం, కుడివైపు స్కేలుతో గీసే సరళరేఖ. గీసి చూడండి. ఎడమచేతివైపు −2 దగ్గర ఒకసారి కలవడం స్పష్టంగా కనిపిస్తుంది. కుడివైపు x = 1 దగ్గర మాత్రం రెండూ అతుక్కుపోయినట్టుంటాయి. అక్కడ ఒకరు "తాకింది, మొత్తం రెండు" అంటారు, ఇంకొకరు "తాకలేదు, ఒకటే" అంటారు.

తప్పు గీసినవాళ్ల చేతిది కాదు. x = 1 దగ్గర వక్రం ఎత్తు 1, రేఖ ఎత్తు 1.1. సెంటీమీటరుకి ఒక యూనిట్ చొప్పున గీస్తే ఆ తేడా ఒక్క మిల్లీమీటరు. పెన్సిల్ మొన కాస్త అరిగితే గీత మందమే దాదాపు అంత ఉంటుంది!

కాబట్టి ఇలాంటిచోట కంటిని నమ్మకండి. బొమ్మ ఎక్కడ అనుమానం వస్తోందో చూపిస్తే చాలు, తీర్పు అంకెలు చెప్పాలి. అనుమానం ఉన్న చోటా, దానికి రెండు పక్కలా ఏది పైన ఉందో చూడండి. x = 0 దగ్గర వక్రం 0, రేఖ −1.9, అంటే వక్రం పైన. x = 1 దగ్గర రేఖ పైన. x = 2 దగ్గర 8, 4.1, మళ్లీ వక్రమే పైన. పైనున్నది కిందకీ, కిందున్నది పైకీ రెండుసార్లు మారిందంటే 0, 1 మధ్య ఒకసారి, 1, 2 మధ్య ఒకసారి కోసుకోవాల్సిందే. ఎడమవైపుదాన్ని కలిపితే మూడు. ఘన సమీకరణానికి మూడుకి మించి మూలాలు ఉండవు కనుక లెక్క అక్కడితో పూర్తి. ఆ మూలాలు సుమారుగా −1.99, 0.81, 1.18.

అదే 1.9 బదులు 2.1 అయితే? x = 1 దగ్గర వక్రం 1, రేఖ 0.9. రేఖ కిందుగా వెళ్లిపోయింది, మిగిలింది ఎడమవైపు మూలం ఒక్కటే. సరిగ్గా 2 అయితే రేఖ (1, 1) దగ్గర స్పర్శరేఖ అవుతుంది, కలిసే చోట్లు రెండు. బీజగణితంలో ఆ x = 1 ని రెండుసార్లు లెక్కపెడతారు, కాబట్టి ప్రశ్న "ఎన్ని విభిన్న మూలాలు" అని అడిగిందేమో చూసుకోండి.

ఇలా విడదీయడంలో నాకు నచ్చేది ఇదే: వక్రం ఒక్కసారి గీస్తే చాలు, స్కేలును వాలు మారకుండా పైకీ కిందకీ జరుపుతూ `x³ = 3x + c` రకం లెక్కలన్నీ చేసెయ్యొచ్చు. వాలు 3 ఉన్న రేఖ ఈ వక్రాన్ని (1, 1), (−1, −1) దగ్గర మాత్రమే తాకుతుంది. అప్పుడు c = −2, c = 2. ఆ రెండు రేఖల మధ్య ఉంటే మూడు మూలాలు, సరిగ్గా వాటిమీదే ఉంటే రెండు, బయటికి పోతే ఒకటి.

సమస్య: గ్రాఫులు అసలు కలవట్లేదు

`x³ = 5x² + 1` కి −3 నుంచి 3 వరకూ గీసి "మూలాలు లేవు" అని రాస్తారు. అత్యధిక ఘాతం బేసి సంఖ్య అయిన బహుపదికి కనీసం ఒక వాస్తవ మూలం ఉండి తీరుతుంది, కాబట్టి సున్నా వచ్చిందంటే కాగితం చాలలేదని అర్థం. పెద్ద పదాలు రెండింటినీ పోల్చండి: x³, 5x² సమానమయ్యేది x = 5 దగ్గర. అంటే 5 దాటేవరకూ చూడాలి. 5 దగ్గర విలువలు 125, 126. 6 దగ్గర 216, 181. ఆ మధ్యలో కలిశాయి. (సెంటీమీటరుకి ఒక యూనిట్ పెట్టుకుంటే దీనికి మీటరు పైన కాగితం కావాలి, y అక్షానికి స్కేల్ మార్చుకోండి.)

ఇంకెక్కడా కలవవా? x సున్నా గానీ రుణాత్మకం గానీ అయితే ఎడమవైపు విలువ సున్నా దాటదు, కుడివైపు కనీసం 1. 0 నుంచి 5 వరకూ x³ విలువ 5x² ని దాటదు. 5 తర్వాత తేడా `x²(x − 5)` సున్నా నుంచి పెరుగుతూనే పోతుంది కాబట్టి 1 ని ఒక్కసారే అందుకుంటుంది. మూలం ఒకటే.

సమస్య: మూలాల్లో ఒకటి తగ్గింది

గీసేముందు రెండువైపులా x తో భాగించారేమో చూడండి. `x³ = 4x` ని `x² = 4` చేస్తే −2, 2 మాత్రమే దొరుకుతాయి, 0 పోతుంది. భాగించకుండా ఉన్నదున్నట్టే గీయండి.